గువ్వ ‘ఒప్పు’ పెట్టిన వాక్యం

గువ్వకు పౌరశాస్త్రం పరీక్షలో నూటికి నూరు మార్కులు వచ్చిన వారంలోనే ఆ పిల్ల తన తండ్రితో మాట్లాడడం మానేసింది.

అది పొగమంచు కాలం. నది మీద పుట్టిన మంచు పొద్దున్నే రేవు మెట్లెక్కి, వీధుల్లోకి వచ్చి, కిటికీల దగ్గర ఆగి లోపలికి తొంగిచూసేది. ఎదురింటి గోడ కూడా కనిపించేది కాదు. మనుషులు ముందు దగ్గుగా, తర్వాత చెప్పుల చప్పుడుగా, ఆ తర్వాతే మనుషులుగా వచ్చేవాళ్ళు. అలాంటి ఒక పొద్దున ఇద్దరు పోలీసులు ఆ మంచులోంచి వచ్చి, గుమ్మంలో కూర్చుని బూట్లు తొడుక్కుంటున్న గువ్వ తండ్రిని తమతో రమ్మన్నారు. ఆయన రేవు గోదాంలో స్టోరుకీపరు. అంతకు ముందు రోజు గోదాంలో రాగి తీగ చుట్టలు పోయాయి. తాళంచెవి ఉండేది ఆయన దగ్గరే. ఒక బూటు తాడు కట్టుకోకుండానే లేచి వెళ్ళాడు. బడికి బయల్దేరిన పిల్లలు నలుగురైదుగురు రోడ్డు మీద నిలబడి చూశారు. వాళ్ళలో గువ్వ కూడా ఉంది.

మర్నాడు సాయంత్రం ఆయన్ని వదిలేశారు. తాళం ఎవరూ ముట్టుకోలేదని, వెనక రేకు తలుపు బందులు ఊడదీసి ఎవరో లోపలికి దూరారని తేలింది. ఎవరన్నది మాత్రం తేలలేదు. గోదాం యజమాని కబురు పెట్టి మరీ మళ్ళీ పనిలోకి పిలిచాడు. అంతటితో అయిపోవాల్సిన సంగతి. కానీ ఇంట్లో అయిపోలేదు. తండ్రి భోజనానికి కూర్చుంటే గువ్వ కంచం పట్టుకుని కిటికీ దగ్గరికి పోయేది. ఆయన “మంచినీళ్ళు ఇలా అందించు తల్లీ” అంటే అందించేది. అంతే. ఉలుకూ పలుకూ లేదు. ఆయన కూడా అడిగేవాడు కాదు. “సరేలే” అనుకుంటూ గ్లాసు అందుకునేవాడు.

ఆ ఇంటి మేడ మీద గదిలో ఆయన అక్క ఉండేది. గువ్వ చదివే బడిలోనే పౌరశాస్త్రం చెప్పేది. బడిలో ‘టీచర్’ అనాలి, ఇంట్లో ‘అత్తయ్య’ అనాలి అని మేనత్తా మేనకోడళ్ళ మధ్య మొదటిరోజే ఒప్పందం కుదిరింది. ఆ ఒప్పందాన్ని గువ్వ ఎప్పుడూ తప్పలేదు.

“వదినా, మీరైనా చెప్పి చూడండి. నా మాట దాని చెవికెక్కడం లేదు” అని మరదలు, గువ్వ తల్లి, ఆమెను బతిమాలింది.

టీచరు ఒకరోజు గువ్వ జడ వేస్తూ చెప్పి చూసింది. “నాన్న ఏ తప్పూ చేయలేదే.”

“నేనేమన్నాను?” అంది గువ్వ. ఆ మాటతో తలుపు వేసేసినట్టయింది. టీచరు రిబ్బను ముడి వేసింది.

అదే నెలలో టీచరుకు ఒక పని వచ్చి పడింది. పట్టణంలోని బడులన్నిటికీ కలిపి ఒకే పౌరశాస్త్రం ప్రశ్నపత్రం తయారు చేయాలి. అందులో ‘ఒప్పా తప్పా’ భాగం ఆమెకూ, పక్క బడిలో పనిచేసే ఒక పెద్దాయనకూ అప్పగించారు. ఆ పెద్దాయన్ని పిల్లలు మెలికల మాస్టారు అనేవాళ్ళు. ఆయనకూ ఆ సంగతి తెలుసు, లోలోపల కాస్త గర్వం కూడా. పరీక్షల కార్యాలయం నది ఒడ్డున పాత భవనం. పై అంతస్తులో వాళ్ళకొక గది ఇచ్చారు. రెండు బల్లలు, ఒక స్టవ్వు, కిటికీ నిండా తెల్లటి మంచు. ఆ గదిలో కూర్చుంటే కింద ఊరుందన్న సంగతే మరిచిపోయేవాళ్ళు. కనిపించని పడవ ఒకటి అప్పుడప్పుడూ కూత వేసేది.

మాస్టారు ముందే వాక్యాలు రాసుకొచ్చారు. మొదటిది చదివి వినిపించారు. “ఓటరు జాబితాలో పేరు నమోదు కాకుండా ఉండకపోవడం మంచిది కాదనలేం.”

టీచరు కళ్ళు మూసుకుని వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. “ఇది ఒప్పేనా మాస్టారూ?”

“ఒప్పే అనుకుంటాను” అన్నారాయన. మళ్ళీ కాగితం కేసి చూసి, “ఉండు, ఒక్క నిమిషం” అన్నారు. ఇద్దరూ నవ్వుకున్నారు.

రెండోది: “నగర సభ సమావేశాలను నడిపేది నగర సభ అధ్యక్షురాలు.”

“ఒప్పు” అంది టీచరు.

“తప్పు. పుస్తకంలో ‘అధ్యక్షుడు’ అని ఉంది.”

“ఆడమనిషి ఎన్నికైతే ఏం చేస్తారండీ, సమావేశాలు ఆపేస్తారా?”

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “అమ్మా, పిల్లలు కళ్ళు తెరిచి చదవాలి. గుడ్డిగా టిక్కులు పెట్టకూడదు. నా ఉద్దేశం అదీ.”

టీచరు కాదనలేకపోయింది. ఆమె వేసే పరీక్షల్లోనూ ఇలాంటి వాక్యాలు కొన్ని ఉండేవి. పిల్లలు జాగ్రత్తగా ఉండాలనే ఆమె కూడా అనుకునేది. ఆ రోజుకి సగం వాక్యాలు అలాగే ఉంచి, ఇంటికి వెళ్ళింది.

మేడ మెట్లెక్కబోతూ ఆగిపోయింది. మెట్ల మలుపులో గువ్వ, పక్కింటి పిల్లకు పాఠం చెబుతోంది. మసక వెలుతురులో ఇద్దరి నోళ్ళలోంచీ చిన్న చిన్న ఆవిరి మేఘాలు వస్తున్నాయి.

“మాత్రమే, ఎప్పుడూ, అందరూ, ఏ ఒక్కరూ. ఇవి కనిపిస్తే తప్పు పెట్టెయ్. సాధారణంగా, కొన్నిసార్లు, ఉండవచ్చు. ఇవి ఉంటే ఒప్పు. బాగా పొడుగ్గా ఉంటే కూడా ఒప్పే, తప్పు కోసం ఎవరూ అంత కష్టపడి రాయరు. అంకె గాని పేరు గాని ఉంటే మాత్రం పుస్తకం గుర్తు తెచ్చుకో, ఒకటి మార్చి ఉంటారు.”

“మరి అందులో ఏం రాశారో చూడొద్దా?” అంది పక్కింటి పిల్ల.

“అది చదివితే గందరగోళం.”

టీచరు చెంగుతో మూతి మూసుకుని నవ్వు ఆపుకుంది. గదిలోకి వెళ్ళి కూర్చున్నాక ఆ నవ్వు పోయింది. బల్ల మీద ఉన్న పాత పరీక్ష కాగితాల్లోంచి గువ్వది తీసి, దానికి తాను వేసిన నూరు కేసి చూస్తూ ఉండిపోయింది. ఈ పిల్ల నాకేం చెప్పింది? నా మాటల అలవాట్లు చెప్పింది. తన మనసులో చట్టం అంటే ఏమిటో, ప్రభుత్వం అంటే ఏమిటో ఒక్క ముక్క చెప్పలేదు. నేనూ అడగలేదు.

మర్నాడు ఆమె మాస్టారుకు ఈ సంగతి చెప్పింది. ఆయన నొచ్చుకుంటారేమో అనుకుంది. ఆయన కాసేపు స్టవ్వు మీద చేతులు కాచుకుంటూ కూర్చుని, “అయితే మనం ఇన్నేళ్ళూ తాళాలు వేశాం. వాళ్ళు తాళంచెవులు తయారుచేసుకున్నారు. ఇంట్లో ఏముందో ఎవరూ చూడలేదు” అన్నారు. ఆ తర్వాత, “ఇప్పుడేం చేద్దాం?” అని అడిగారు.

“పిల్లలు ఏం పొరబడుతున్నారో ముందు వాళ్ళనే అడుగుదాం. తప్పు వాక్యం మనం ఊహించి రాయకూడదు. వాళ్ళ నోట్లోంచి రావాలి.”

ఆ వారమంతా ఇద్దరూ తమ తమ బడుల్లో పిల్లల్ని మామూలు మాటల్లో అడిగారు. కోర్టు తీర్పు మంత్రికి నచ్చకపోతే ఏమవుతుంది? ఓటు వేయని మనిషి ప్రభుత్వం మీద ఫిర్యాదు చేయవచ్చా? మీ వీధి దీపం వెలగకపోతే ఎవరికి చెప్పాలి? జవాబులు ఆ గదిలో బల్ల మీద పరుచుకుని చదువుతుంటే ఇంకో ఊరేదో మంచులోంచి తేలి వచ్చినట్టుండేది. ఆ ఊళ్ళో మంత్రి కోర్టు తీర్పులు చింపేస్తాడు. ఓటు వేయనివాడికి నోరెత్తే హక్కు లేదు. ఓటు ఎవరికి వేశావో పెట్టె దగ్గర కూర్చున్న అధికారికి తెలిసిపోతుంది. గెలిచినాయన తనకు ఓటేసిన వాళ్ళ వీధుల్లోనే నడుస్తాడు. చదువుతూ చదువుతూ టీచరుకు కళ్ళు మూతలు పడేవి. ఆ కాసేపటి కునుకులో ఆ ఊరి వీధుల్లో నడిచేది. అక్కడ అందరూ ఆమెకు తెలిసినవాళ్ళే.

“ఇవీ వాక్యాలు” అన్నారు మాస్టారు, ఒక కాగితం ఎత్తి. “నేను రాసినదానికంటే ఇవే బాగున్నాయి. తప్పుగా ఉండి కూడా నిజంలా వినిపిస్తున్నాయి.”

“అదే కావాలండీ. పొరబడ్డవాడికి తప్పు వాక్యం నిజంలా వినిపించాలి. తెలిసినవాడు ఒక్కసారి చదవగానే పట్టుకోవాలి.”

పని అనుకున్నంత తేలిక కాదని తర్వాత తెలిసింది. గెలిచిన సభ్యుడి సంగతి టీచరు మొదట ఇలా రాసింది: “గెలిచిన సభ్యుడు తనకు ఓటు వేసినవారికి మాత్రమే ప్రతినిధి.” మాస్టారు ‘మాత్రమే’ మీద పెన్సిలు పెట్టారు. “మీ మేనకోడలు దీన్ని చదవకుండానే తప్పు పెట్టేస్తుంది.” ఇద్దరూ కలిసి దాన్ని తిరగేశారు: “గెలిచిన సభ్యుడు తనకు ఓటు వేయనివారికి కూడా ప్రతినిధి.” ఇప్పుడిది ఒప్పు. కానీ లోపల పొరబాటున్న పిల్లకు తప్పులా కనిపిస్తుంది. ఒప్పు వాక్యంతో కూడా పొరబాటును పట్టుకోవచ్చని తెలిసి మాస్టారు చిన్నపిల్లాడిలా సంబరపడ్డారు. ఆ రోజు టీ ఆయనే పెట్టారు.

ఇంకో వాక్యంలో రెండు సంగతులున్నాయని ఆయన దాన్ని రెండుగా విడగొట్టారు. “ఒకటి ఒప్పయి ఒకటి తప్పయితే పిల్ల ఏది పెట్టాలి?” అన్నారు. మెలికలు పెట్టడంలో పండిపోయిన మనిషి కావడంతో మెలిక ఎక్కడ దాక్కున్నా ఆయనకు కనిపించేది.

అరెస్టు గురించిన వాక్యం జాబితాలోకి టీచరే తెచ్చింది. పుస్తకంలో ఉన్నట్టే రాసింది: “నేరం రుజువయ్యేవరకు నిందితుణ్ణి నిర్దోషిగా భావించాలి.” తన తరగతిలో వేసి చూసింది. ఒక్కరూ తప్పలేదు. గువ్వ కూడా ఒప్పు పెట్టింది. టీచరు ఆ టిక్కు కేసి చాలాసేపు చూసింది. వరుస తప్పకుండా పద్యం ఒప్పజెప్పినట్టుంది అది.

“వాళ్ళు వాక్యాన్ని గుర్తుపట్టారు. అర్థాన్ని కాదు” అంది మాస్టారుతో. “ఒక సంఘటనలో పెట్టి అడగాలి.”

“ఎవరి సంఘటన?” అన్నారాయన నెమ్మదిగా. టీచరు తమ్ముడి సంగతి ఆయనకు తెలుసు. ఊళ్ళో అందరికీ తెలుసు.

“ఎవరిదీ కాదు. గోదాం వద్దు. రాగి వద్దు. మా పిల్లను నలుగురిలో నిలబెట్టను.”

అలా వాక్యంలోకి ఒక ముద్రణాలయం వచ్చింది. కాగితం బేళ్ళు పోయాయి. పోలీసులు ఒక పనివాణ్ణి అనుమానంతో అరెస్టు చేశారు. చివరి మాటగా టీచరు “ఆ పనివాడు నేరస్తుడు” అని రాసింది.

మాస్టారు తల అడ్డంగా ఊపారు. “ఏమో, నిజంగా అతనే చేశాడేమో? నాకేం తెలుసు? తెలివైన పిల్ల ఇక్కడ ఆగిపోతుంది. అటో ఇటో తేలని వాక్యానికి ఒప్పూ తప్పూ ఉండదు.”

“చట్టం దృష్టిలో” అని చేర్చింది టీచరు. “కోర్టు విచారణ ఇంకా మొదలు కాలేదు” అని కూడా. ఇప్పుడు వాక్యం తేలింది. చట్టం ఏమంటుందో తెలిసినవాడికి సందేహం లేదు.

ఆమె ఇంకోటి కూడా రాసింది: “ఆధారాలు లేక పోలీసులు విడిచిపెట్టిన మనిషి శిక్ష తప్పించుకున్నట్టే.” అది ఆమెకు అన్నిటికంటే ఇష్టమైన వాక్యం. మాస్టారు చదివి, ఈసారి పెన్సిలు ఎత్తలేదు. “అమ్మా” అన్నారు. “దీనికి ఎవరు జవాబు చెప్పగలరు? ఒకడు నిజంగానే తప్పించుకుని ఉండొచ్చు. ఇంకొకడు ఏమీ చేయకుండానే లోపల కూర్చుని వచ్చి ఉండొచ్చు. ఇది పరీక్ష ప్రశ్నా, మీ ఇంటి బాధా?”

టీచరు కిటికీ కేసి చూసింది. మంచులో ఒక పక్షి రెక్కల చప్పుడు వినిపించి పోయింది. ఆమె ఆ వాక్యాన్ని కొట్టేసింది.

వాక్యాలు కుదిరాక, వాటిని చదివి పిల్లలు ఏమనుకుంటారో వాళ్ళ చేత పైకి చెప్పించాలనుకున్నారు. ఒక్కొక్కరూ వచ్చి వాక్యం పైకి చదివి, ఒప్పో తప్పో చెప్పి, ఎందుకనుకున్నారో మనసులో మాట చెప్పాలి. వినేవాళ్ళు తల ఊపకూడదు, ముఖం మార్చకూడదు, తప్పు దిద్దకూడదు. దిద్దితే తర్వాతి వాక్యాలకు పిల్ల మన ముఖం చూసి జవాబు చెబుతుంది. బయటికి వెళ్ళి మిగతావాళ్ళకు కూడా చెబుతుంది. అందరూ అయ్యాకే తరగతిలో మాట్లాడాలి. ఈ నియమం పెట్టింది టీచరే.

బడి వరండా చివర ఆమె ఒక చిన్న బల్ల వేయించుకుంది. పిల్లలు మంచులోంచి ఒక్కొక్కరే వచ్చి, కూర్చుని, మాట్లాడి, మళ్ళీ మంచులోకి వెళ్ళిపోయారు. ఒకడు ఓటు పెట్టెలో అధికారి కన్ను ఉంటుందన్నాడు. ఒకమ్మాయి మంత్రి కోర్టు కంటే పెద్ద కదా, ఆయన కారుకు జెండా ఉంటుంది కదా అంది. టీచరు రాసుకుంటూ “ఊఁ, తర్వాతది” అంటూ వచ్చింది.

గువ్వ వచ్చి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మొదటి మూడు వాక్యాల్లో కొండగుర్తుల కోసం వెతికింది. మాత్రమే లేదు, ఎప్పుడూ లేదు. అన్నీ ఒకే పొడుగున్నాయి. “ఇవి బాలేవు టీచర్” అంది. “ఏం పట్టుకోవాలో తెలీట్లేదు.” అయినా ఆలోచించి చెప్పింది. రెండు సరిగ్గానే చెప్పింది.

తర్వాత నాలుగోది చదివింది. “ఒక ముద్రణాలయంలో కాగితం దొంగతనం జరిగింది. పోలీసులు ఒక పనివాణ్ణి అనుమానంతో అరెస్టు చేశారు. కోర్టు విచారణ ఇంకా మొదలు కాలేదు. చట్టం దృష్టిలో ఆ పనివాడు నేరస్తుడు.”

ఆగింది. “ఒప్పు” అంది.

“ఎందుకు?”

గువ్వ బల్ల అంచును గోటితో గీకింది. వరండా అవతల ఎవరో గంట మోగించారు, ఆ మోత నీళ్ళలో మోగినట్టు మెత్తగా వచ్చింది. “ఏమీ లేకుండా ఊరికే తీసుకెళ్తారా అత్తయ్యా?” అంది.

బడిలో అత్తయ్య అనడం అదే మొదటిసారి. ఆ పిల్లకు తానేమన్నదీ తెలియలేదు. టీచరు చేతిలో కలం ఆగింది. ఆ చేతిని బల్ల దాటించి గువ్వ చేతి మీద వేయాలనిపించింది. లేదురా తల్లీ, అలా కాదు అని చెప్పాలనిపించింది. నోటి దాకా వచ్చింది. నియమం గుర్తొచ్చింది. ఇప్పుడు తాను చెప్పేస్తే అత్తయ్య చెప్పిందని తల ఊపుతుంది, టీచరు మెచ్చే జవాబు ఇదని గుర్తుపెట్టుకుంటుంది. ఇంకో కొండగుర్తు దొరుకుతుంది, అంతే.

“ఇంకేమైనా చెప్పాలా?” అంది, గొంతు మామూలుగా ఉంచుకుని.

“వాళ్ళకు తెలుసు కదా, అందుకే వస్తారు” అంది గువ్వ. “తెలీకపోతే ఆ ఇంటికే ఎందుకు వస్తారు?”

టీచరు ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసుకుంది. “తర్వాతది చదువమ్మా” అంది.

ఆ సాయంత్రం ఆమె నది ఒడ్డు మీదుగా ఇల్లు చేరింది. దారి కనిపించకపోయినా కాళ్ళకు తెలుసు. ఇన్నాళ్ళూ గువ్వకు నాన్న మీద కోపమనుకుంది, నలుగురిలో పరువు పోయిందని సిగ్గనుకుంది. కోపమూ కాదు, సిగ్గూ కాదు. ఆ పిల్ల లెక్క ప్రకారం తీర్పు ఆ పొద్దున గుమ్మంలోనే అయిపోయింది. అయిపోయినదాని గురించి మాట్లాడడానికేముంటుంది?

తమ్ముడు వంటింటి గుమ్మంలో చెక్క పీట మీద కూర్చుని లాంతరు గాజు తుడుస్తున్నాడు. ఆమె పక్కన కూలబడింది.

“ఒరేయ్, దానితో నువ్వే ఒకసారి మాట్లాడకూడదా?”

“ఏం చెప్పను అక్కా? నేను చేయలేదని నాకు నేనే వకాల్తా పుచ్చుకోనా? అది నమ్ముతున్నట్టు తల ఊపుతుంది. ఆ తల ఊపడం నేను చూడలేను.” గాజును వెలుతురుకు ఎత్తి చూసి, మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు.

తమ వాక్యాలను మాస్టారు ఊరవతల ఇంకో బడిలో రెండు తరగతులకు ఇచ్చి చూశారు. జవాబుల కట్ట పట్టుకుని కార్యాలయం మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చారు. ముందు తన పాత వాక్యం సంగతి చెప్పారు. ‘ఉండకపోవడం మంచిది కాదనలేం’ను కూడా పోలిక కోసం అందులో కలిపారట. బాగా చదివే పిల్లలూ, అసలు చదవని పిల్లలూ అందులో సమానంగా తప్పారు. “అంటే అది ఎవరినీ వేరు చేయలేదు. కాకిలెక్క. బొమ్మా బొరుసూ వేసినట్టే” అని ఒప్పుకున్నారు. ముద్రణాలయం వాక్యంలో సగానికి పైగా పిల్లలు ఒప్పు పెట్టారు. బాగా చదివేవాళ్ళలో కూడా కొందరు పెట్టారు. కారణం రాయమంటే అందరూ ఒకరి నోట్లోంచి ఒకరు లాక్కున్నట్టు రాశారు. ఏమీ చేయకపోతే పోలీసులు ఎందుకు వస్తారు, అని. తప్పు పెట్టినవాళ్ళు మాత్రం కోర్టు మాట ఎత్తారు.

“ఇది మీ ఇంటి సంగతి కాదమ్మా” అన్నారు మాస్టారు. “ఊరంతటిదీ. ఈ వాక్యం పేపర్లో ఉండాలి. మన బడుల పిల్లలు దీన్ని ముందే చూశారు కాబట్టి ముద్రణాలయం తీసేసి కొత్త సంఘటన పెడదాం. పొరబాటు మాత్రం అదే ఉంచుదాం.” కాగితాలు సర్దుతూ, “ఆ మాటకొస్తే, మీ తమ్ముణ్ణి పట్టుకెళ్ళి వదిలాక రేవులో ఎదురైతే నేనూ ఒకసారి తప్పుకుని పక్క సందులోంచి పోయాను” అని, స్టవ్వు మంట సవరించే పనిలో పడ్డారు.

మర్నాడు టీచరు తరగతిలో వాక్యాలు బోర్డు మీద రాసింది. ఎవరేం పెట్టారో చెప్పలేదు, ఎంతమంది ఏ వైపో మాత్రం చెప్పింది. నాలుగో వాక్యం దగ్గర తరగతి రెండుగా చీలింది. “పక్కవాళ్ళను ఒప్పించండి” అని ఆమె కిటికీ దగ్గర నిలబడింది. కాసేపటికి గదంతా తేనెతుట్టెలా మోగింది.

పడవ నడిపేవాడి కూతురు ఒకమ్మాయి గువ్వ పక్కన కూర్చునేది. ఆ పిల్ల నింపాదిగా అంది. “అనుమానం ఉంటే తీసుకెళ్తారు. రుజువైతేనే నేరస్తుడు. రుజువైందో లేదో పోలీసులు చెప్పరు, కోర్టు చెబుతుంది. అరెస్టు చేయగానే నేరస్తుడైపోతే ఇంక కోర్టెందుకు?”

తరగతి సద్దుమణిగాక గువ్వ చెయ్యెత్తింది. “టీచర్, మరి చట్టం దృష్టిలో కాకపోయినా, అతను నిజంగా చేసి ఉండొచ్చు కదా?”

చాలామందికి తెలుసు ఎవరి గురించి అడుగుతోందో. టీచరుకు లేదని చెప్పాలనిపించింది. లేదంటే ఎంత హాయిగా ఉండేది.

“ఉండొచ్చు” అంది. “ఉండకపోవచ్చు. అది ఈ వాక్యం చెప్పదు. ఇంకా ఎవరూ తేల్చలేదు అని మాత్రం చెబుతుంది.”

“తేల్చలేదు” అంది గువ్వ తనలో తాను అనుకుంటున్నట్టు. కూర్చుంది. పీరియడు అయ్యేదాకా బోర్డు మీది వాక్యాన్ని అలా చూస్తూనే ఉంది, మొదటిసారి చదువుతున్నట్టు.

ఆ మర్నాడు సెలవు. పొద్దున మంచు ఇంకా విడవలేదు. మరదలు పాలు కాచి కిందికి దించింది. తమ్ముడు బల్ల దగ్గర కూర్చుని రొట్టె తింటున్నాడు, టీచరు ఎదురుగా టీ తాగుతోంది. గువ్వ తన కంచం తీసుకుంది. కిటికీ వైపు రెండడుగులు వేసి ఆగింది. వెనక్కి వచ్చి, తండ్రి ఎదురుగా నిలబడింది. కంచం ఇంకా చేతుల్లోనే ఉంది.

“నాన్నా, నువ్వు చేశావా?”

మరదలు గిన్నె మీద మూత పెట్టబోయి అలాగే ఉండిపోయింది. “ఏమిటే ఆ మాటలు?” అంది. టీచరు ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

తమ్ముడు నోట్లో ముద్ద మింగాడు. కూతురి ముఖం కేసి చూశాడు. ఆ ముఖంలో జవాబు ముందే రాసిపెట్టి లేదు. నిజంగా అడుగుతోంది.

“లేదు తల్లీ” అన్నాడు. “చేయలేదు.”

గువ్వ అతని కళ్ళలోకి చూస్తూ కొంతసేపు నిలబడింది. కంచం బల్ల మీద పెట్టింది. పెట్టాక కుర్చీ లాక్కుంది.

“ఇంట్లో నన్ను ఎవరూ అడగలేదు” అన్నాడు తమ్ముడు, ఎవరి కేసీ చూడకుండా. “నువ్వు చేయవని అందరూ వాళ్ళంతట వాళ్ళే చెప్పారు. మీ అమ్మా చెప్పింది, మీ అత్తయ్యా చెప్పింది. అడిగినవాళ్ళు లేరు.” టీచరు కప్పులోకి చూసుకుంది. నిజమే, ఆమె కూడా అడగలేదు.

“స్టేషన్లో అడిగారు కదా?” అంది గువ్వ.

“అడిగారు. రాత్రంతా అడిగారు. వాళ్ళు అడిగేది వేరు.”

“ఎలా అడిగారు?”

తమ్ముడు రొట్టె ముక్క పక్కన పెట్టాడు. ముందు తడబడ్డాడు. తర్వాత చెప్పసాగాడు. గోడ రంగు చెప్పాడు. చెక్క బెంచీ మీద ఇంకో మనిషి నిద్రలో ఎవరినో పిలిచాడని చెప్పాడు. రాసుకునే ఆయన కలం మాటిమాటికీ ఆగిపోతే తాను జేబులోంచి తన కలం ఇచ్చానని, తెల్లారాక ఆయన దాన్ని తిరిగి ఇవ్వడం మరిచిపోయాడని చెప్పాడు. ఒక బూటు తాడు కట్టుకోకుండా వెళ్ళడంతో అది మాటిమాటికీ ఊడిపోతుంటే, పోలీసాయన ఆగి కట్టుకొమ్మన్నాడని చెప్పాడు. వంగి కట్టుకుంటున్నప్పుడు రోడ్డు మీద నిలబడ్డ పిల్లల కాళ్ళు మాత్రం కనిపించాయట.

“నా కాళ్ళు గుర్తుపట్టావా?” అంది గువ్వ.

“గోధుమ రంగు మేజోళ్ళు. ఒకటి కిందికి జారింది.”

గువ్వ తల వంచుకుని తినడం మొదలుపెట్టింది. నెమ్మదిగా, మధ్యలో ఆగుతూ, మళ్ళీ ఏదో అడుగుతూ తింది. అడిగినదానికల్లా ఆయన చెప్పాడు. తెలియనివాటికి తెలియదన్నాడు. మరదలు గిన్నె మూత తీసి అందరికీ పాలు పోసింది. టీచరు లేచి, అలమారలోంచి ఇంకో గ్లాసు తెచ్చి, మళ్ళీ కూర్చుంది.